ఫ్యాక్టరీ ప్రారంభ వార్త: హెడ్‌లైన్‌లో ఏ అంకె పెట్టాలి?

ప్రశ్న: చెన్నైలో మాస్ కమ్యూనికేషన్ చివరి ఏడాది చదువుతున్నాను. ఇంటర్న్‌షిప్ కోసం ఒక పీఆర్ ఏజెన్సీ రాత పరీక్ష పెట్టి, కొత్త ఫ్యాక్టరీ ప్రారంభంపై తెలుగులో ప్రెస్ రిలీజ్ రాయమంది. ‘ఘనంగా నూతన ఫ్యాక్టరీ ప్రారంభోత్సవం’ అని హెడ్‌లైన్ పెట్టి, జ్యోతి ప్రజ్వలనతో మొదలుపెట్టాను. ‘ఇందులో వార్త ఎక్కడుంది?’ అని తిప్పి పంపారు. వచ్చే వారం మళ్లీ రాయాలి. వాళ్లిచ్చిన వివరాల కాగితం, నా రాత జత చేశాను. ఏం మార్చాలి? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక విద్యార్థిని, పెరంబూరు

జవాబు: మీ భాషకు వంక పెట్టను. చిక్కంతా వరుసలో ఉంది. దీపం ఎవరు వెలిగించారో మొదటి పేరాలో ఉంది, ఆ ఫ్యాక్టరీలో ఏం తయారవుతుందో నాలుగో పేరాకు గానీ తెలియడం లేదు. పేజీలో చోటు చాలకపోతే డెస్కులో ఉన్నవాళ్లు వార్తను కింద నుంచి కోసుకుంటూ వస్తారు. మీ రాతను రెండో పేరా దగ్గర కోస్తే మిగిలేవి శాలువలు, పూలదండలే.

ఇప్పుడు ఆ కాగితం మళ్లీ తీయండి. మొదటి పేజీలో పెద్దక్షరాలతో రూ.240 కోట్ల పెట్టుబడి, 600 ఉద్యోగాలు, ఏడాదికి కార్ల బ్రేక్ సెట్లు 10 లక్షలు అని ఉంది. వెనక పేజీలో చిన్నక్షరాల్లో మరో మాట ఉంది: అది రెండు దశలూ పూర్తయ్యాక ఉండే లెక్క. ఇప్పుడు పూర్తయింది తొలి దశ మాత్రమే. దానికి పెట్టింది రూ.150 కోట్లు, పనిలో చేరింది 250 మంది, సామర్థ్యం 4 లక్షల సెట్లు. పరీక్షలో అసలు మెలిక ఇదేనని నా నమ్మకం. ‘600 మందికి ఉద్యోగాలు’ అని హెడ్‌లైన్ పెడితే, ఫ్యాక్టరీకి వెళ్లిన విలేకరి ఎంతమంది పనిచేస్తున్నారని అడిగిన వెంటనే దొరికిపోతారు. ఇక ఆ కంపెనీ పంపే తర్వాతి కాగితాన్నీ అనుమానంగానే చూస్తారు. అందుకే హెడ్‌లైన్‌లో ఈ రోజు నిజమైన అంకే ఉండాలి. రేపటి అంకె కిందికి, ఎప్పటికల్లా అన్న గడువుతో సహా వెళ్లాలి.

నేనైతే ఇలా రాస్తాను:

‘ఒరగడంలో కార్ల బ్రేకుల ఫ్యాక్టరీ ప్రారంభం, తొలి దశలో 250 మందికి ఉద్యోగాలు’

చెన్నై: కార్ల బ్రేకులు తయారు చేసే ఫలానా కంపెనీ చెన్నై శివారులోని ఒరగడంలో కొత్త ఫ్యాక్టరీని గురువారం ప్రారంభించింది. రూ.150 కోట్లతో పూర్తయిన తొలి దశలో ఏడాదికి 4 లక్షల బ్రేక్ సెట్లు తయారు చేయవచ్చు. ఇప్పటికే 250 మంది పనిలో చేరారు.

రెండో పేరాలో రెండో దశ, మొత్తం పెట్టుబడి, గడువు. ముఖ్య అతిథి పేరు మూడో పేరాలో వస్తే చాలు. ముఖ్యమంత్రో కేంద్ర మంత్రో వచ్చి ప్రారంభిస్తే మాత్రం అదీ వార్తే కాబట్టి మొదటి పేరాలోకి తేవచ్చు.

ఎండీ మాటల్లో ‘గర్వంగా ఉంది’ అని రాశారు. దాన్ని ఎవరూ వేయరు. ఒరగడమే ఎందుకు ఎంచుకున్నారో ఆయన చేత చెప్పించండి. రెనో కార్ల ఫ్యాక్టరీ ఒరగడంలోనే ఉంది, హ్యుందాయ్‌ది శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉంది. కార్లు తయారయ్యే చోటికి దగ్గరలో ఉంటే సరుకు త్వరగా చేరుతుంది, రవాణా ఖర్చు తగ్గుతుంది. కానీ ఒకటి గుర్తుంచుకోండి: ఫలానా కార్ల కంపెనీకి సరఫరా చేస్తున్నామని రాయాలంటే ఆ కంపెనీ ఒప్పుకోవాలి. లేకుంటే పేరెత్తకుండా ‘దగ్గర్లోని కార్ల తయారీ కంపెనీలు’ అంటే సరిపోతుంది. ఎండీ పేరుతో వెళ్లే ప్రతి మాటా ఆయన చూసి సరేనన్నాకే బయటికి వెళ్లాలి.

‘ప్రారంభం’ అన్నచోట కూడా జాగ్రత్త. రిబ్బన్ కత్తిరించిన రోజు ఒకటి, ట్రయల్ ఉత్పత్తి మొదలైన రోజు ఒకటి, అమ్మకానికి సరుకు తయారయ్యే వాణిజ్య ఉత్పత్తి మొదలైన రోజు ఇంకొకటి కావచ్చు. మీ కాగితంలో వాణిజ్య ఉత్పత్తి తేదీ లేదు. అందుకే పై పేరాలో ‘తయారవుతున్నాయి’ అనకుండా ‘తయారు చేయవచ్చు’ అన్నాను. పైగా ఆ కంపెనీ స్టాక్ మార్కెట్‌లో లిస్టయినదని కాగితంలోనే ఉంది. సెబీ నిబంధనల ప్రకారం లిస్టయిన కంపెనీలు వాణిజ్య ఉత్పత్తి మొదలు లాంటి ముఖ్య సమాచారాన్ని స్టాక్ ఎక్స్ఛేంజీలకు తెలపాలి. ఎక్స్ఛేంజీకి చేరకముందే అది పత్రికలకు పోకూడదు. కాబట్టి రిలీజ్ ఎప్పుడు పంపాలో కంపెనీ సెక్రటరీని అడిగి తెలుసుకోవాలి.

ఈసారి రిలీజ్‌తో పాటు కంపెనీని అడగాల్సిన ప్రశ్నలు మూడు విడిగా రాసి ఇవ్వండి: వాణిజ్య ఉత్పత్తి ఏ తేదీన మొదలవుతుంది? రెండో దశ ఎప్పటికి పూర్తవుతుంది? 250 మందిలో కంపెనీ ఉద్యోగులు ఎందరు, కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లు ఎందరు? మూడో జవాబును బట్టి నేను రాసిన హెడ్‌లైన్ కూడా మార్చాల్సి రావచ్చు.