ఒకే బిల్లుకి రెండు పేమెంట్లు: లెడ్జర్‌లో సున్నా, బ్యాంకులో రెండు డెబిట్లు

"చిన్న కంపెనీలో అకౌంటెంట్‌గా చేరి ఎనిమిది నెలలైంది. నెలాఖరు క్లోజింగ్ చేస్తుంటే ఒక వెండర్‌కి ఒకే బిల్లు మీద రెండుసార్లు డబ్బు వెళ్ళినట్టు కనిపిస్తోంది. రెండో ఎంట్రీ నేనే వేశానేమోనని భయంగా ఉంది. ముందు మేనేజర్‌కి చెప్పాలా, లేక వెండర్‌తో మాట్లాడి సర్దేయాలా?"

మేనేజర్‌కే చెప్పండి, అదీ ఈరోజే. కాకపోతే ఆయన దగ్గరికి వెళ్ళేముందు ఒక అరగంట కాగితాలు సర్దుకోండి. ఎందుకో నా కథ వింటే తెలుస్తుంది.

2023 జులై 6, సాయంత్రం. హైదరాబాద్‌లో ఒక ప్లాంట్ అకౌంట్స్‌లో నాకు అది రెండో ఏడాది. మర్నాడు ఏడో తేదీ, జూన్ టీడీఎస్ కట్టడానికి ఆఖరు రోజు. కాంట్రాక్టు పనుల బిల్లుల మీద 194సి సెక్షన్ కింద కోసిన టీడీఎస్ మొత్తాల జాబితా తీసి టిక్కులు పెట్టుకుంటూ వస్తున్నాను. ఒక పార్టీ దగ్గర 1,687 రూపాయలు, పది లైన్ల కింద అదే పార్టీ దగ్గర మళ్ళీ 1,687. రెండు వేలో, ఐదు వేలో అయితే చూసీ చూడనట్టు దాటిపోయేవాణ్ణి. 1,687 లాంటి అంకె ఒకే నెలలో రెండుసార్లు రావడమేంటని అక్కడ ఆగాను.

ఆ పార్టీ మా ఎయిర్ కంప్రెసర్ ఓవర్‌హాలింగ్ చేసిన వర్క్‌షాప్. బిల్లు 84,350, దాని మీద 18 శాతం జీఎస్టీ 15,183, మొత్తం 99,533. రెండు శాతం టీడీఎస్ పోను 97,846 ఇవ్వాలి. బ్యాంకు స్టేట్‌మెంట్ తెరిచాను. 12వ తేదీన 97,846. 26వ తేదీన మళ్ళీ 97,846. కడుపులో దేవినట్టయింది.

అంతకుముందు రోజే నేను ఆ పార్టీ లెడ్జర్ చూశాను. బ్యాలెన్స్ సున్నా ఉంటే "ఓకే" అని రాసుకుని పక్కన పెట్టాను కూడా. డబ్బు మాత్రమే రెండుసార్లు వెళ్తే లెడ్జర్‌లో డెబిట్ బ్యాలెన్స్ నిలబడి మనల్ని పిలుస్తుంది. బిల్లు కూడా రెండుసార్లు ఎక్కితే రెండు బిల్లులు, రెండు పేమెంట్లు చక్కగా కొట్టేసుకుంటాయి. క్లోజింగ్‌లో అందరం బ్యాలెన్సులే చూస్తాం కాబట్టి, ఈ రకం తప్పు మన చూపుకి దొరకదు.

బిల్లు రెండుసార్లు ఎలా ఎక్కిందంటే, వర్క్‌షాప్ ఆయన డబ్బు కోసం తొందరపెడుతుంటే మెయింటెనెన్స్ వాళ్ళు బిల్లు ఫోటో మెయిల్ చేశారు. దాన్ని మా సీనియర్ SE/23-24/0147 అని ఎక్కించాడు. పది రోజులకి ఒరిజినల్ కాగితం సంతకాలన్నీ చేయించుకుని తీరిగ్గా మా టేబుల్ మీదికొచ్చింది. దాన్ని ఎక్కించినవాళ్ళు నంబర్ ఉత్త 147 అని కొట్టారు. సాఫ్ట్‌వేర్‌కి అవి రెండు వేర్వేరు బిల్లులు. సరుకైతే స్టోర్స్ రసీదు ఒక్కటే ఉంటుంది, రెండో బిల్లు అక్కడ ఆగిపోతుంది. రిపేరు పనికి మా దగ్గర రసీదు లేదు, ఇంజనీరు సంతకమే ఆధారం. ఆ సంతకం రెండింటి మీదా ఉంది.

ఎడిట్ లాగ్ తెరిచి 147 ఎవరు వేశారో చూస్తే, నా యూజర్ పేరే.

ఆ క్షణంలో వచ్చిన ఆలోచన దాచుకోను. ఆ వోచర్ డిలీట్ చేసేసి, వర్క్‌షాప్ ఆయనకి ఫోన్ చేసి, వచ్చే బిల్లులో తగ్గించుకోమంటే సరిపోదా అనిపించింది. సరిపోదు. కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో 2023 ఏప్రిల్ 1 నుంచి ఆడిట్ ట్రెయిల్ తప్పనిసరి. తీసేసినా తీసేసినట్టు పేరు, టైముతో సహా నిలిచిపోతుంది. పొరపాటు అని చెప్పుకోవలసింది కాస్తా దాచినట్టు కనిపిస్తుంది.

అందుకని ముందు అది నిజంగా డూప్లికేటేనా అని తేల్చుకున్నాను. అదే వర్క్‌షాప్ రెండో కంప్రెసర్ కూడా చేసి ఉండొచ్చు కదా. మెయింటెనెన్స్‌కి ఫోన్ చేస్తే ఒక్కటే పని అన్నారు, గేట్ పాస్ కూడా ఒక్కటే. రెండో నెఫ్ట్ వెనక్కి తిరిగొచ్చిందేమో అని స్టేట్‌మెంట్ మళ్ళీ చూశాను, రాలేదు. రెండు వోచర్లు, రెండు బిల్లు కాపీలు, రెండు యూటీఆర్ నంబర్లు ఒక పిన్ను కింద పెట్టుకుని మేనేజర్ గదిలోకెళ్ళాను.

"సార్, ఒక బిల్లు డబుల్ పే అయింది. రెండో ఎంట్రీ నాదే."

ఆయన కాగితాలు తిరగేసి అడిగిన మొదటి ప్రశ్న, "టీడీఎస్ చలానా కట్టేశావా?" కట్టలేదన్నాను. "బతికాం" అన్నారు. చీవాట్లు తర్వాత పడ్డాయిలెండి. అప్రూవల్ ఇచ్చింది ఆయనే కాబట్టి కాస్త తక్కువే పడ్డాయి.

జూన్ ఇంకా క్లోజ్ కాలేదు. అందుకని 30వ తేదీతో జర్నల్ వేశాం. పార్టీకి 99,533 డెబిట్, రిపేర్ల ఖర్చుకి 84,350 క్రెడిట్, ఇన్‌పుట్ జీఎస్టీకి 15,183 క్రెడిట్. టీడీఎస్ పేయబుల్‌కి 1,687 డెబిట్ చేసి పార్టీకి క్రెడిట్. బ్యాంకు ఎంట్రీని మాత్రం ముట్టుకోలేదు, డబ్బు నిజంగానే వెళ్ళింది కదా. అప్పుడు పార్టీ దగ్గర 97,846 డెబిట్ నిలబడింది. రావలసిన మొత్తంతో పైసలతో సహా కలిసిందంటే ఎంట్రీ సరిగ్గా పడినట్టు. మీరూ ఇలాగే సరిచూసుకోండి.

ఇది మేం పట్టుకోకపోయినా 14వ తేదీన, వెండర్ల రిటర్న్‌ల నుంచి తయారయ్యే జీఎస్టీఆర్-2బి జాబితా వచ్చాక ట్యాక్స్ తేడా కొంత బయటపడేది. వెండర్ తన రిటర్న్‌లో ఒక్క బిల్లే చూపిస్తాడు కాబట్టి మన పుస్తకంలో రెండోది ఒంటరిగా మిగులుతుంది. కానీ అప్పటికి టీడీఎస్ కట్టేసి, నెల ముగించేసి ఉండేవాళ్ళం.

వెండర్‌కి ఫోన్ మేనేజరే చేశారు. ముందు అతని పుస్తకంలోని మా లెడ్జర్ పంపమన్నారు. అందులో రెండో 97,846 మా పేరున జమగా కనిపించింది. "చూసుకోలేదు సార్, వచ్చే పనిలో పట్టుకోండి" అన్నాడాయన. మేనేజర్ ఒప్పుకోలేదు. వచ్చే పనికి సర్దితే అది అడ్వాన్సు అవుతుంది, దాని మీద మళ్ళీ టీడీఎస్ లెక్క మొదలవుతుంది, పైగా ఆ పని ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు. వెనక్కే పంపమన్నారు. మొదట 50,000, తొమ్మిది రోజులకి మిగతా 47,846 వచ్చాయి.

ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో చూడమని నాకే అప్పగించారు. పర్చేజ్ రిజిస్టర్ ఎక్సెల్‌లోకి తీసి, బిల్లు నంబర్‌ని నమ్మడం మానేసి, C కాలమ్‌లో జీఎస్టీ నంబర్, D కాలమ్‌లో బిల్లు తేదీ, F కాలమ్‌లో మొత్తం పెట్టి ఈ ఫార్ములా కిందికి లాగాను:

```
=COUNTIFS(C:C,C2,D:D,D2,F:F,F2)
```

1 కంటే ఎక్కువ వచ్చినవే చూడాలి. తేదీ పెట్టకపోతే అద్దె, సెక్యూరిటీ లాంటి నెలవారీ బిల్లులన్నీ పైకొచ్చి విసుగెత్తిస్తాయి. అయితే బిల్లు తేదీ బదులు ఎవరైనా ఎంట్రీ తేదీ కొడితే ఇది దొరకదు, అందుకే రెండోసారి D భాగం తీసేసి కూడా ఓపిగ్గా చూడండి. జీఎస్టీ నంబర్ లేని చిన్న వెండర్లకి పేరు మీద చెయ్యాలి, వాళ్ళ పేర్లేమో నాలుగు రకాల స్పెల్లింగుల్లో ఉంటాయి.

అలా వెతికితే అంతకుముందు ఏడాదిలో ఇంకొకటి దొరికింది, 4,720 రూపాయలది, ఒక కొరియర్ వాళ్ళది. ఫోన్ చేస్తే, "మేం అప్పుడే మెయిల్ పెట్టాం కదండీ, డబ్బు ఎక్కువొచ్చింది అకౌంట్ నంబర్ చెప్పండి అని" అన్నారు. వెతికితే నిజంగానే ఉంది, మా ఇన్‌బాక్స్‌లో, ఎవరూ తెరవకుండా.