ఫోటోలో వాలిన కనురెప్ప, పెద్దదైన కంటిపాప

"భద్రకాళి గుడి దగ్గర నిన్న తీసిన ఫోటోలో మా అమ్మ కుడి కనురెప్ప వాలి, ఆ కంటిపాప పెద్దదిగా ఉంది. నొప్పేమీ లేదంటోంది. ఇది మెదడు సమస్యా?"

ముందు అమ్మ కళ్లను నేరుగా చూడండి, తరువాత పాత ఫోటోలు పెద్దవి చేసి పోల్చండి. పదేళ్ల క్రితమూ ఇలాగే ఉంటే కంగారు అక్కర్లేదు. దాదాపు ఐదుగురిలో ఒకరికి కంటిపాపల్లో కొద్దిపాటి తేడా సహజంగానే ఉంటుంది, కానీ వారికి రెప్ప వాలదు.

ఇది కొత్తగా వచ్చినదైతే రేపటిదాకా ఆగకండి. రెప్పను ఎత్తేది, కంటిపాపను కుదించేది ఒకే నరం: మూడవ కపాల నరం. పాపను కుదించే తంతువులు ఆ నరం పైపొరలో ఉంటాయి. పక్కనున్న రక్తనాళం బుడగలా ఉబ్బి నొక్కితే అవే ముందు దెబ్బతిని పాప పెద్దదవుతుంది. ఆ బుడగ పగిలితే ప్రాణాపాయం. నొప్పి లేదని ధైర్యపడకండి. ఒకటి రెండుగా కనిపించడం, కన్ను బయటికి తిరగడం కూడా ఉంటే అనుమానం మరింత బలపడుతుంది. 108కి ఫోన్ చేసి, న్యూరాలజీ ఉన్న పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి. కళ్లద్దాల దుకాణం దగ్గర సమయం పోగొట్టుకోవద్దు. మామూలు సీటీ స్కాన్‌లో ఈ బుడగ కనిపించకపోవచ్చు, రక్తనాళాలను చూపే సీటీ యాంజియోగ్రామ్ అవసరమా అని అడగండి.

రెప్ప కొద్దిగానే వాలి, అదే వైపు పాప చిన్నదైతే కారణం వేరు. ఆ తేడా చీకట్లో పెరుగుతుంది. దానితో మెడనొప్పి ఉంటే మెడ ధమని లోపొర చీలి ఉండవచ్చు, పక్షవాతం రావచ్చు. అప్పుడూ వెంటనే వెళ్లాల్సిందే.