ఫ్రంట్ లోడ్ నీళ్లు మిగిలిస్తుంది సరే, ఆ డబ్బు ఎవరికి మిగులుతుంది?

ప్రశ్న: మాది హైదరాబాద్ నిజాంపేటలో 20 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. బోరు నీళ్లే వాడతాం. మార్చి నుంచి జూన్ దాకా ట్యాంకర్లు వస్తాయి, 5,000 లీటర్లకు 700 రూపాయలు. ఆ ఖర్చు మెయింటెనెన్స్‌లో అందరికీ సమానంగా వేస్తారు. మేం నలుగురం, వారానికి ఐదుసార్లు మెషిన్ వేస్తాం. షాపులో 7 కిలోల టాప్ లోడ్ 19,500, ఫ్రంట్ లోడ్ 31,500 చెప్పారు. ఫ్రంట్ లోడ్ తీసుకుంటే నీళ్లు, కరెంటు కలిసొచ్చి తేడా మూడేళ్లలో తిరిగొస్తుందట. నిజమేనా సార్? (ఒక పాఠకురాలు)

జవాబు: మీ ఇంటి వరకు నిజం కాదమ్మా. మూడేళ్లలో కాదు కదా, పదేళ్లలో కూడా తిరిగి రాదు. అలాగని ఫ్రంట్ లోడ్ చెడ్డ మెషిన్ కాదు. షాపతను నీళ్లకు కట్టిన ధరకూ, మీ ఇంట్లో నీళ్లు పడే ధరకూ పొంతన లేదు, అంతే.

ముందుగా అతని మాటనే లెక్క వేసి చూద్దాం. వారానికి 5 సార్లంటే ఏడాదికి 260 ఉతుకులు. మూడేళ్లలో 12,000 తిరిగి రావాలంటే ఒక్కో ఉతుకుకు పదిహేను రూపాయలకు పైగా మిగలాలి. ఈ సైజు టాప్ లోడ్ నిండా బట్టలేస్తే సుమారు 120 లీటర్లు తాగుతుంది, ఫ్రంట్ లోడ్ సుమారు 60. అంటే మిగిలేది 60 లీటర్లు. ఆ 60 లీటర్లకు పదిహేను రూపాయలు రావాలంటే లీటరు పావలా పడాలి. 5,000 లీటర్ల ట్యాంకర్ ఏడాది పొడవునా 1,250 రూపాయలకు పైన పలకాలి. పైగా మూడేళ్లలో రిపేరు అన్నదే రాకూడదు. మీ దగ్గర ట్యాంకర్ నీళ్లు లీటరుకు 14 పైసలు, అదీ నాలుగు నెలలే. మిగతా ఎనిమిది నెలలు బోరు నీళ్లకు అయ్యేది మోటారు కరెంటు ఖర్చే. వెయ్యి అడుగుల లోతు నుంచి తోడినా వెయ్యి లీటర్లకు రెండు యూనిట్ల పైచిలుకు, అంటే 18 రూపాయలు అనుకోవచ్చు. లీటరుకు రెండు పైసలు కూడా కాలేదు.

పదేళ్లకు 2,600 ఉతుకులు, మిగిలే నీళ్లు 1,56,000 లీటర్లు. అందులో మూడో వంతు ట్యాంకర్ నీళ్లనుకుంటే 7,280 రూపాయలు, మిగతా బోరు నీళ్లకు 1,870. మొత్తం 9,150. వినడానికి బాగానే ఉంది. అయితే ట్యాంకర్ బిల్లు, మోటారు బిల్లు 20 ఫ్లాట్లకూ సమానంగా పంచుతున్నారు కదా. మీరు ఆదా చేసిన నీళ్ల డబ్బు కూడా 20 వాటాలవుతుంది. మీ వాటా పదేళ్లకు 460 రూపాయలు! మిగతాది పక్క ఫ్లాట్లవాళ్ల ఖాతాలోకి వెళ్తుంది. నీళ్ల మీటరు లేని అపార్ట్‌మెంట్‌లో పొదుపుగా వాడేవాళ్లకు జరిగేది ఇదే. అపార్ట్‌మెంట్‌కు అది మేలే, కాదనను. మీరు నన్ను అడిగింది మాత్రం మీ 12,000 గురించి.

ఇక కరెంటు. ఫ్రంట్ లోడ్ కరెంటు తక్కువ తీసుకుంటుందన్న మాట ఇంట్లో గీజర్ నీళ్లతో బట్టలుతికే దేశాల నుంచి వచ్చింది. అక్కడ నీళ్లు తగ్గితే వేడి చేయాల్సిన నీళ్లూ తగ్గుతాయి, కాబట్టి కరెంటు ఆదా అవుతుంది. మన ఇళ్లలో టాప్ లోడ్‌కు వెళ్లేది ట్యాంకు నీళ్లే. మామూలు టాప్ లోడ్‌లో హీటర్ ఉండదు, మోటారు తిప్పడానికి ఒక ఉతుకుకు 0.2 యూనిట్ చాలు. ఫ్రంట్ లోడ్ చల్లటి నీళ్లతోనే ఉతికినా ఎక్కువ సేపు తిరుగుతుంది, ఎక్కువ వేగంతో పిండుతుంది కాబట్టి 0.3 యూనిట్ దాకా తీసుకుంటుంది. చాలా మోడళ్లలో కాటన్ ప్రోగ్రామ్ పెట్టగానే దానంతట అదే 40 డిగ్రీలకు వెళ్తుంది. అప్పుడు లోపలి హీటర్ కూడా పనిచేసి 0.7 యూనిట్ వరకు లాగుతుంది.

కరెంటు ధర కట్టేటప్పుడు నెల బిల్లును యూనిట్లతో భాగించి సగటు తీయకండి. మెషిన్ వల్ల పెరిగే యూనిట్లు మీ వాడకంలో చివరన, అంటే పై స్లాబులో పడతాయి. ఆ ధర 8 రూపాయలు అనుకుందాం. పదేళ్లకు టాప్ లోడ్‌కు 4,160 రూపాయలు, ఫ్రంట్ లోడ్‌కు చల్లటి నీళ్లతో 6,240, ప్రతిసారీ 40 డిగ్రీలు పెడితే 14,560. అంటే బటన్ మార్చకుండా వాడితే టాప్ లోడ్ కంటే పది వేలు ఎక్కువ కరెంటు కడతారు. మొత్తం అపార్ట్‌మెంట్‌కు మిగిల్చిన నీళ్ల డబ్బు కంటే అదే ఎక్కువ. ఫ్రంట్ లోడ్ కొన్నా రోజువారీ బట్టలకు ఉష్ణోగ్రత బటన్‌ను ‘కోల్డ్’ దగ్గర పెట్టండి. దుప్పట్లు, పసిపిల్లల బట్టలు, చెమట పట్టిన తువ్వాళ్లకు మాత్రం వేడి నీళ్లు పనికొస్తాయి.

అసలు తేడా రిపేర్ల దగ్గర వస్తుంది. ఇది జరిగి తీరుతుందని చెప్పలేం, కాబట్టి నేను దీన్ని పక్కన పెట్టుకోవాల్సిన డబ్బుగా లెక్కిస్తాను. టాప్ లోడ్‌లో పదేళ్లలో మామూలుగా పోయేవి నీళ్లు వచ్చే వాల్వ్, డ్రైన్ మోటారు, డ్రమ్మును వేలాడదీసే సస్పెన్షన్ రాడ్లు. ఒకసారి ఎలక్ట్రానిక్ బోర్డు కూడా పోయిందనుకోండి, కూలితో కలిపి 7,000 రూపాయలు పెట్టుకుంటే చాలు. ఏ వీధి మెకానిక్ అయినా విప్పి బిగిస్తాడు.

ఫ్రంట్ లోడ్‌లో తలుపు చుట్టూ ఉండే రబ్బరు గాస్కెట్‌కు 2,500, డ్రైన్ పంపుకు 1,500, బోర్డుకు 6,500, బేరింగ్‌కు 6,500, మొత్తం 17,000 అనుకోండి. నాలుగూ పోతాయని కాదు, పదేళ్లలో ఏదో ఒకటి రెండుసార్లు పోవచ్చు కూడా. వీటిలో బేరింగ్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఫ్రంట్ లోడ్ డ్రమ్ము అడ్డంగా పడుకుని ఉంటుంది, దాని బరువంతా వెనకవైపున్న బేరింగుల మీద పడుతుంది. నీళ్లు వాటిలోకి పోకుండా ఒక రబ్బరు సీలు అడ్డుంటుంది. మీ బోరు నీళ్లలాంటి సున్నం ఎక్కువున్న నీళ్లు, కెపాసిటీకి మించి కుక్కిన బట్టలు ఆ సీలును అరగదీస్తాయి. నీళ్లు లోపలికి పోతే బేరింగ్ తుప్పు పడుతుంది. పిండేటప్పుడు విమానం లేస్తున్నట్టు గుయ్యిమని శబ్దం మొదలైతే అనుమానించాలి. మెషిన్ ఆపి, తలుపు తీసి, డ్రమ్ము పై అంచును చేత్తో పైకీ కిందికీ కదిపి చూడండి. బయటి టబ్బు కదలకుండా డ్రమ్ము ఒక్కటే టకటకమని ఆడితే బేరింగ్ అరిగినట్టే.

కొన్ని మోడళ్లలో బయటి ప్లాస్టిక్ టబ్బు రెండు సగాలనూ కంపెనీలోనే కరిగించి అతికేస్తారు. అలాంటివాటికి బేరింగ్ ఒక్కటే మార్చడం కుదరదు, టబ్బు మొత్తం మార్చాలి. ఆ బిల్లు చూసి చాలామంది పాత మెషిన్‌ను ఎక్స్ఛేంజ్‌లో పడేస్తారు. ఏడెనిమిదేళ్లకే మెషిన్ మారిస్తే మనం వేసిన పదేళ్ల లెక్క మొత్తం తలకిందులవుతుంది. కొనేముందు సర్వీస్ సెంటర్‌కు మోడల్ నంబర్ చెప్పి, టబ్బు స్క్రూలతో విప్పేదా, అతికించిందా అని అడగండి. షాపువాళ్లకు ఇది తెలియకపోవచ్చు, మెకానిక్‌లకు తెలుస్తుంది. డబ్బా మీద పెద్దక్షరాలతో ఉండే పదేళ్ల వారంటీ మోటారుకు మాత్రమే. మోటారు అంత తొందరగా పోదు. పోయే బోర్డు, గాస్కెట్, బేరింగ్ దాని కిందికి రావు. షాపులో ఎక్స్‌టెండెడ్ వారంటీ అమ్మబోతే రబ్బరు భాగాలు, బేరింగ్ అందులో ఉన్నాయో లేదో కాగితం మీద చూశాకే డబ్బు కట్టండి.

సున్నం పేరుకోకుండా వేసే డీస్కేలింగ్ పొడికి ఫ్రంట్ లోడ్‌కు పదేళ్లలో 4,800, టాప్ లోడ్‌కు అందులో సగం వేసుకున్నాను. సబ్బు పొడి ఖర్చులో పెద్ద తేడా రాదు. ఫ్రంట్ లోడ్‌లో మాత్రం మామూలు పొడి వేయకూడదు. నురగ ఎక్కువై మెషిన్ మళ్లీ మళ్లీ జాడిస్తుంది, మిగలాల్సిన నీళ్లు అక్కడే పోతాయి.

అన్నీ కలిపితే నీళ్లు కాకుండా టాప్ లోడ్‌కు పదేళ్ల ఖర్చు సుమారు 33,000, ఫ్రంట్ లోడ్‌ను చల్లటి నీళ్లతోనే వాడినా 59,500. తేడా 26,500. అపార్ట్‌మెంట్ మొత్తానికి మిగిలే 9,150 మీకే వచ్చినా ఈ తేడా పూడదు. ఈ రోజు ఎక్కువగా పెట్టే 12,000కు పదేళ్ల బ్యాంకు వడ్డీని నేను కలపనే లేదు.

ఏ పరిస్థితిలో ఈ లెక్క తిరగబడుతుందో కూడా చెప్తాను. 26,500ను 1,56,000 లీటర్లతో భాగిస్తే లీటరుకు 17 పైసలు. అంటే ఏడాది పొడవునా ట్యాంకర్ల మీదే బతికే కాలనీలో, 5,000 లీటర్లు 850 రూపాయలు దాటి, ఫ్లాటుకో నీళ్ల మీటరు ఉంటే ఫ్రంట్ లోడ్ గిట్టుబాటే. నీళ్లలో సున్నం తక్కువై రిపేర్లు సగానికి తగ్గితే ఇంకా ముందే గిట్టుతుంది. మీ అసోసియేషన్‌లో మీటర్ల మాట నడుస్తుంటే కొన్నాళ్లు ఆగి నిర్ణయించుకోవడంలో తప్పు లేదు.

డబ్బు పక్కన పెడితే ఫ్రంట్ లోడ్‌లో బట్టలు తక్కువగా నలుగుతాయి, మరకలు బాగా వదులుతాయి, గట్టిగా పిండుతుంది కాబట్టి వానాకాలంలో బాల్కనీలో తొందరగా ఆరతాయి. ఇంట్లో ఎవరికైనా చర్మ ఎలర్జీ ఉంటే వేడి నీళ్ల ఉతుకు నిజంగా పనికొస్తుంది. వీటికోసం ఏడాదికి 2,600 రూపాయలు ఎక్కువ పెట్టడం మీకు సమ్మతమైతే నిరభ్యంతరంగా కొనండి. నీళ్లు, కరెంటు ఆదా అవుతాయన్న లెక్కతో మాత్రం వద్దు.

మీ వివరాలను బట్టి నేనైతే టాప్ లోడే తీసుకోమంటాను. నీళ్ల దుబారా అనిపిస్తే దానిలోనే తగ్గించే దారి ఉంది. సగం బట్టలకు వాటర్ లెవెల్ పూర్తిగా పెట్టకండి. చివరిసారి జాడించిన నీళ్ల పైపును కాలవలోకి కాకుండా టబ్బులోకి పెడితే ఇల్లు తుడవడానికి, బాత్రూమ్ కడగడానికి వస్తాయి. నేను చెప్పిన 120 లీటర్లు మీ మెషిన్‌కు సరిపోతుందో లేదో కూడా అలాగే తేలుతుంది. ఒక ఉతుకు నీళ్లన్నీ 20 లీటర్ల బకెట్లలోకి పట్టి లెక్కపెట్టండి. ఆరు బకెట్ల కంటే బాగా ఎక్కువొస్తే అందులోంచి ఫ్రంట్ లోడ్ తాగే 60 లీటర్లు తీసేసి, పైన వేసిన 60 లీటర్ల తేడా స్థానంలో ఆ మిగిలిన అంకె పెట్టి మళ్లీ గుణించుకోండి.