ఐదో రౌండ్ గురించి అడిగావు గదా పాపా

పాపా,

నీ మెసేజ్ చూశా. చెన్నై కంపెనీ వాళ్ళు ఇంటర్వ్యూ నాలుగు రౌండ్లు చేసి ఇంకోటుంది అంటున్నారు, బెంగళూరు వాళ్ళేమో ఒక్క ఫోన్ కాల్‌తో సోమవారం వచ్చి జాయిన్ అవ్వమంటున్నారు, ఏది నమ్మాలి మామా అన్నావు. కావలి వచ్చేసే దాకా నేను చేసింది హెచ్ఆర్ పనే కాబట్టి ఆ టేబుల్‌కి అవతల ఏం జరుగుద్దో చెప్తా.

ముందు చెన్నై సంగతి. నువ్వు పంపిన తేదీలు కాగితం మీద రాసుకుంటే మొత్తం ఆరు వారాలు అయింది, అందులో నిన్ను కూచోబెట్టి మాట్లాడింది అన్నీ కలిపినా నాలుగు గంటలే, మిగతాదంతా ఎదురుచూపులే. పైగా రెండో రౌండ్‌లోనూ మూడో రౌండ్‌లోనూ అదే ప్రాజెక్ట్ గురించి అవే ప్రశ్నలు అడిగారన్నావు చూడు, నాకు రౌండ్ల లెక్క కంటే అదే ఎక్కువ గుచ్చుకుంది. రెండో ఆయన ఫీడ్‌బ్యాక్ రాయనన్నా రాయలేదు, లేకపోతే మూడో ఆయన చదవనన్నా చదవలేదు. పద్ధతిగా నడిచే చోట ఒకరు కోడింగ్ చూస్తారు, ఒకరు టెస్ట్ డిజైన్ చూస్తారు, మేనేజర్ టీమ్ సంగతి మాట్లాడతాడు, ఎవరి పని వాళ్ళది. గూగుల్ వాళ్ళు తమ పాత ఇంటర్వ్యూల డేటా అంతా తీసి చూసుకుంటే, నాలుగు ఇంటర్వ్యూలతోనే 86 శాతం నమ్మకంతో నిర్ణయం తీసుకోవచ్చు, ఆ పైన చేసినా పెద్దగా కలిసొచ్చేది లేదు అని తేలింది.

అందుకని "డైరెక్టర్ గారు ఒకసారి మాట్లాడతారంట" అనే ఐదో రౌండ్ చాలాసార్లు నీ గురించి తెలుసుకోడానికి కాదు. సరే అనే అధికారం కింద ఎవరికీ లేకపోవచ్చు, లేదా పోస్టుకి బడ్జెట్ అప్రూవల్ రాక నిన్ను చెయ్యి జారిపోకుండా పట్టుకోనుండొచ్చు, లేదా ఇంకెవరికో ఆఫర్ ఇచ్చి వాళ్ళు రాకపోతే నువ్వని అట్టిపెట్టుకోనుండొచ్చు. బయటికి మూడూ ఒకేలా కనిపిస్తాయి. తేడా తెలియాలంటే రిక్రూటర్‌ని అడుగు: ఇది కొత్త పోస్టా, వెళ్ళిపోయినోళ్ళ బదులా, అప్రూవల్ అయిందా, ఈ రౌండ్ తర్వాత ఫైనల్‌గా చెప్పేది ఎవరు, ఏ తేదీకి? అప్రూవల్ చేతిలో ఉంటే తేదీతో సహా చెప్పేస్తారు. లేకపోతే "ప్రాసెస్‌లో ఉంది మేడమ్" అనే మాటే తిప్పి తిప్పి చెప్తారు. తేదీ చెప్పకుండా నీకు వేరే ఆఫర్లు ఏమున్నాయని మాత్రం మళ్ళీ మళ్ళీ ఆరా తీస్తున్నారంటే నువ్వు రెండో నంబర్ అయ్యుండే ఛాన్స్ ఎక్కువ.

ఇంకోటి, చెన్నై ఉద్యోగం గురించి నీకు రాత్రిపూట ఫోన్లు చేస్తున్నాడే, వాడు కంపెనీ మనిషి కాదు, కన్సల్టెన్సీ వాడు. నువ్వు జాయిన్ అయితేనే వాడికి డబ్బులు, మామూలుగా నీ ఏడాది సీటీసీలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతమంత. జాయిన్ అయినాక 90 రోజుల్లోపు మానేస్తే చాలా చోట్ల ఇంకో మనిషిని తెచ్చివ్వాలి కూడా. వాడి తొందర, వాడు సడన్‌గా మాయమవ్వడం కంపెనీ ఖాతాలో వెయ్యబాక. కంపెనీ సొంత మెయిల్ ఐడీ నుంచి వచ్చిన వాళ్ళు ఇంటర్వ్యూ వాయిదా పడితే ముందే చెప్పారా, నీ రెజ్యూమె చూసి వచ్చారా అనేది చూడు.

బెంగళూరుది తొందరగా అయిందని నాకు అనుమానం కాదు, చిన్న కంపెనీలో ఓనరే ఇంటర్వ్యూ చేస్తే ఆ రోజే చెప్పేస్తాడు. కానీ నీకు 90 రోజుల నోటీస్ ఉందని తెలిసీ సోమవారం రమ్మన్నారంటే రిలీవింగ్ లెటర్ లేకుండా వచ్చెయ్యమనే గదా, రేపు నువ్వు మానేసేటప్పుడు నీ లెటర్ వాళ్ళు సవ్యంగా ఇస్తారా? పని గురించి ఒక్క టెక్నికల్ ప్రశ్న కూడా అడగలేదంటే వాళ్ళకి కావాల్సింది క్లయింట్‌కి చూపించడానికి ఒక తల. పేరోల్ ఎవరిది, క్లయింట్ ఇంటర్వ్యూ జాయినింగ్‌కి ముందా తర్వాతా అడుగు. ఒరిజినల్ సర్టిఫికెట్లో డిపాజిటో అడిగితే ఫోన్ పెట్టెయ్.

అన్ని ఆలస్యాలకీ అర్థాలు వెతకబాక గానీ, బ్యాంకుల్లో పెద్ద కంపెనీల్లో సెలెక్ట్ అయినాక బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌కి వారాలు పట్టడం మామూలే.

ఈ రాత్రికి చెన్నై వాళ్ళ హెచ్ఆర్‌కే నేరుగా మెయిల్ పెట్టు, కన్సల్టెన్సీ వాణ్ణి కాపీలో పెట్టు. "ఐదో రౌండ్‌కి రెడీగా ఉన్నాను, అప్రూవల్ అయిందో లేదో, నిర్ణయం ఏ తేదీకి వస్తుందో చెప్పగలరు" అని రెండు లైన్లు చాలు. ఆఫర్ లెటర్ మెయిల్‌లో పడేదాకా రిజైన్ కొట్టబాక. జవాబు రాగానే నాకు పంపించు, మీ అమ్మకి మాత్రం ఇప్పుడే చెప్పబాక, నెల్లూరంతా స్వీట్లు పంచేస్తది.

మీ కావలి మామ