మైక్రోమీటరు మూస్తే సున్నా చూపిస్తుంది, తీగ కొలత మాత్రం తప్పుతుంది: ఎందుకు?

ప్రశ్న: నేను మోటారు వైండింగు షాపులో పని నేర్చుకుంటున్నాను. కాలిపోయిన మోటారు నుంచి తీసిన పాత తీగను కొలిస్తే నాకు 0.35 పైన వస్తోంది, అదే మైక్రోమీటరుతో మా మేస్త్రి గారికి 0.34 పైన వస్తోంది. దవడలు మూస్తే సున్నా ఒక గీత అటూఇటూగా కలుస్తూనే ఉంది. ఎవరి కొలత సరైనది? రాచెట్ తిప్పే కొలవాలా? ఏ గేజి తీగ కొనాలో తేలడం లేదు.

జవాబు: మీ ఇద్దరి కొలతలూ తప్పే అయి ఉండవచ్చు. నేను హైదరాబాదు బాలానగర్‌లో ఒక టూల్‌రూములో తనిఖీ విభాగంలో చాలాకాలం పనిచేశాను. దాదాపు ఇదే చిక్కు మా బావమరిది వైండింగు షాపులో ఎదురైనప్పుడు నేను కూడా మొదట పొరబడ్డాను, కాబట్టి ఆ ఉదంతం మీదుగానే చెబుతాను.

అర హెచ్‌పీ మోనోబ్లాక్ మోటారు స్టార్టింగు వైండింగు తీగను అతను కొలిస్తే సరిగ్గా 0.345 మి.మీ. వచ్చింది. గేజి పట్టికలో 29 నంబరు తీగ వ్యాసం 0.345, 28 నంబరు తీగ వ్యాసం 0.376. అంకె పట్టికతో అచ్చుగుద్దినట్టు కలవడంతో ఇక అనుమానించవలసిన పని లేదనుకుని, నన్ను అడిగితే నేనూ సరేనని, 29 గేజి తీగతో చుట్టించాము. ఆ మోటారు వేడెక్కుతోందని రెండు వారాలు తిరక్కుండానే వెనక్కి వచ్చింది. ఈ రెండు గేజిల మధ్య వ్యాసంలో తేడా 0.031 మి.మీ. మాత్రమే అయినా, తీగ అడ్డుకోత వైశాల్యం వ్యాసం వర్గాన్ని అనుసరిస్తుంది కాబట్టి 29 గేజిలో రాగి 28 కంటే దాదాపు 16 శాతం తక్కువ ఉంటుంది. అదే కరెంటు ప్రవహిస్తే పుట్టే వేడి దాదాపు 19 శాతం ఎక్కువవుతుంది.

అప్పుడు ఆ మైక్రోమీటరును తీసుకుని కూర్చుని ఒక్కొక్కటే చూశాను. మొదట పట్టుకున్నది రాచెట్ సంగతి. అతను థింబుల్‌ను, అంటే గీతలున్న తిరిగే గొట్టాన్ని, నేరుగా వేళ్లతో బిగిస్తున్నాడు. మైక్రోమీటరు స్క్రూ ఒక చుట్టు తిరిగితే స్పిండిల్ అర మిల్లీమీటరే ముందుకు కదులుతుంది, కాని ఆ ఒక్క చుట్టులో థింబుల్ అంచు మీద మీ వేలు ఐదు సెంటీమీటర్లకు పైగా ప్రయాణిస్తుంది. అంటే మీ వేలి బలం, రాపిడికి పోయింది పోగా కూడా, ఎన్నో రెట్లై తీగ మీద పడుతుంది. వైండింగు తీగ మెత్తటి రాగి. పైగా గుండ్రటి తీగ చదునైన ముఖాలకు సన్నని గీత మేరకే ఆనుతుంది కాబట్టి అంత ఒత్తిడికి అక్కడ కాస్త నొక్కుకుపోతుంది. మరోవైపు మైక్రోమీటరు చట్రం కూడా కొద్దిగా విచ్చుకుంటుంది. ఈ రెండింటి వల్లా కొలత తగ్గే కనిపిస్తుంది. పెరగడమనేది ఉండదు. మీ ఇద్దరిలో మేస్త్రి గారి అంకె చిన్నదవడానికి ఆయన చెయ్యి మీకన్నా గట్టిదై ఉండడమే కారణం కావచ్చు.

రాచెట్ ఉన్నది ఈ బలాన్ని ఒక హద్దులో ఆపడానికే. మామూలు 0–25 మి.మీ. మైక్రోమీటరులో అది సుమారు 5 నుంచి 10 న్యూటన్ల దగ్గర జారి టిక్కుమంటుంది, అంటే అర కిలో నుంచి కిలో బరువు ఆనించినంత. తీగ దగ్గరికి వచ్చేదాకా థింబుల్‌ను తిప్పవచ్చు, కాని ముఖం తీగను తాకకముందే చేతిని రాచెట్ మీదికి మార్చి, నెమ్మదిగా తిప్పుతూ రెండు మూడు టిక్కులు వినగానే ఆపాలి. గిర్రున తిప్పి వదిలేస్తే థింబుల్ తన ఊపుతోనే ముందుకు పోయి తీగను నొక్కుతుంది, అప్పుడు రాచెట్ ఉన్నా లేనట్టే. ఇంకొక మాట, సున్నా చూసేటప్పుడు కూడా అదే రాచెట్‌తో అన్నే టిక్కులు ఇవ్వాలి. రెండుసార్లూ ఒకే బలం వాడితే చట్రం విచ్చుకోవడం రెండింటిలోనూ ఒకేలా ఉండి లెక్కలోంచి తప్పుకుంటుంది.

అదే తీగను రాచెట్‌తో కొలిస్తే 0.355 వచ్చింది. ఇది కూడా 28 కన్నా 29కే దగ్గర కాబట్టి, రాచెట్ ఒక్కటే నేర్చుకుని ఆగిపోయి ఉంటే మళ్లీ పాత తప్పే చేసేవాళ్లం.

తరువాత సున్నా. ముఖాల మధ్య శుభ్రమైన తెల్లకాగితం పెట్టి తేలికగా మూసి మెల్లగా లాగేస్తే ధూళి, వార్నిష్ జిడ్డు కాగితానికి అంటుకుని వస్తాయి. ఆ పని చేశాక రాచెట్‌తో మూస్తే, సున్నా గీత స్లీవు అనే కదలని గొట్టం మీది అడ్డగీతకు కలవవలసిన చోట 49వ గీత కలిసింది. అంటే థింబుల్ సున్నాను దాటి పోయింది. శూన్యాంశ దోషం రుణాత్మకం, −0.01 మి.మీ., చూసిన ప్రతి కొలతకూ 0.01 కలపాలి. దీనికి భిన్నంగా మూసినప్పుడు 1 లేదా 2 దగ్గర ఆగిపోతే, సున్నా గీత అడ్డగీతకు కింద ఉండిపోతుంది. అప్పుడు దోషం ధనాత్మకం, దాన్ని తీసివేయాలి. మీరు "ఒక గీత అటూఇటూగా" అన్నారు. ఆ అటా ఇటా అన్నదే ఇక్కడ అసలు విషయం, ఎందుకంటే ఆ ఒక్క గీత రెండు గేజిల మధ్య ఉన్న దూరంలో మూడో వంతు.

0.355కు 0.01 కలిపితే 0.365. ఇప్పుడు అది 29కీ కాదు, 28కీ కాదు. ఇక్కడే నాకు ప్రమాణం పెట్టి చూడాలనిపించింది, ఆ మైక్రోమీటరు అసలు రోగం అప్పుడే బయటపడింది.

చాలామంది ప్రమాణం అనగానే స్లిప్‌గేజి తెచ్చి పెడతారు. నేనూ 1.00 మి.మీ. స్లిప్‌గేజి పెట్టాను, 0.99 చూపించింది, అంటే సున్నా దోషం ఎంతో అంతే. ఇంకేమీ లోపం లేదన్నట్టు ఉంది. అయితే స్లిప్‌గేజి చదునైనది, మనం కొలిచే తీగ గుండ్రటిది. టూల్‌రూములో స్క్రూ మరలను కొలవడానికి మూడు తీగల పద్ధతిలో వాడే ఉక్కు కొలతీగలు ఉంటాయి, 0.335, 0.39, 0.455 వంటి వ్యాసాలలో చాలా కచ్చితంగా తయారుచేసినవి. అందులోంచి 0.455 తెచ్చి, తీగను పెట్టే చోటే, అంటే ముఖాల నడిమధ్యలోనే పెట్టి చూస్తే 0.435 వచ్చింది. ఏకంగా 0.02 తక్కువ. దాన్నే పక్కకు జరిపి ముఖం అంచు వైపు పెడితే 0.445.

కారణం ముఖాలను వెలుతురుకు ఎదురుగా పెట్టి మూసి చూస్తే కంటికే కనిపించింది. మధ్యలో సన్నని వెలుగు గీత. ఏళ్ల తరబడి తీగను ఎప్పుడూ ఒకే చోట, ఒకే దిశలో పెట్టి, కొలిచాక ముఖాలు తెరవకుండానే సర్రున లాగేయడం వల్ల రెండు ముఖాల మీదా గాడి పడింది. మూసినప్పుడు గాడికి ఇరుపక్కల ఉన్న భాగాలు ఒకదానికొకటి ఆనుతాయి కాబట్టి సున్నాలో ఈ లోపం తెలియదు. స్లిప్‌గేజి కూడా ఆ భాగాల మీదే వంతెనలా నిలబడుతుంది. తీగ మాత్రం గాడిలోకి దిగుతుంది, దిగినంత మేరా సన్నగా కనిపిస్తుంది. కనుక సన్నటి తీగలు కొలిచే మైక్రోమీటరును సున్నాతో పాటు, తెలిసిన వ్యాసం గల గుండ్రటి ప్రమాణంతో, మధ్యలోనూ అంచు దగ్గరా రెండుచోట్లా పరీక్షించాలని అప్పటినుంచి నా పట్టుదల. రెండుచోట్లా ఒకే అంకె వస్తే గాడి లేనట్టే.

గాడి లోతును సవరణగా కలిపేస్తే సరిపోదా అని మీకు అనిపించవచ్చు. నేను ఒప్పుకోను, ఎందుకంటే లావు తీగ, సన్నటి తీగ ఆ గాడిలోకి ఒకే లోతుకు దిగాలని లేదు. దానికి బదులు తీగను గాడి లేని చోట పెట్టి కొలవాలి. అలా కొలిస్తే మా తీగ 36, 37 గీతల సరిగ్గా మధ్యన నిలిచింది, అంటే 0.365. ప్రమాణం అదే చోట 0.01 తక్కువ చూపించింది కాబట్టి అసలు వ్యాసం 0.375. ఇది 28 గేజి. వేళ్లతో బిగించడం ఒక గీత, గాడి ఒక గీత, సున్నా ఒక గీత, మూడూ కొలతను తగ్గించే వైపుకే కలిసి మమ్మల్ని సరిగ్గా పక్క గేజి దగ్గరికి చేర్చాయి.

అంకె చదవడంలో తీగల వాళ్లకు ప్రత్యేకంగా ఎదురయ్యే పొరపాటు ఒకటుంది. షాపుల్లో వాడే మైక్రోమీటరులో థింబుల్ మీద 50 గీతలు ఉంటాయి, స్లీవు మీద అడ్డగీతకు ఒకవైపు మిల్లీమీటర్లు, మరోవైపు అర మిల్లీమీటర్లు ఉంటాయి. వ్యాసం 0.48 ఉన్నప్పుడు అర మిల్లీమీటరు గీత థింబుల్ అంచు నుంచి అప్పుడే తొంగిచూస్తుంది. దాన్ని లెక్కలోకి తీసుకుంటే 0.98 అవుతుంది. థింబుల్ అంకె నలభైలలో ఉంటే ఆ గీతను ఇంకా లెక్కపెట్టకూడదు, సున్నా దాటి 1, 2 దగ్గర ఉంటే లెక్కపెట్టాలి. కళాశాల ప్రయోగశాలలో స్క్రూగేజి అలవాటైనవారు మరింత జాగ్రత్తపడాలి, అక్కడ సాధారణంగా పిచ్ 1 మి.మీ., తల స్కేలు మీద 100 గీతలు.

మీరు కొలుస్తున్న ముక్క ఎక్కడిదో కూడా చూసుకోండి. స్లాటులోంచి బలంగా లాగిన తీగ సాగి సన్నబడుతుంది, కాబట్టి కాయిలు చివర బయటికి ఉండే వంపుల దగ్గర కత్తిరించిన ముక్క తీసుకుని, వేళ్లతో సాగదీయకుండా తిన్నగా చేయండి. వంకర ఉంటే కొలత పెరుగుతుంది. ఎనామిల్ పూత మందాన్ని బట్టి రెండువైపులా కలిపి 0.02 నుంచి 0.06 వరకు ఉండవచ్చు. దాన్ని బ్లేడుతో గీకితే రాగి కూడా పోతుంది. చివరను కాస్త కాల్చి, చల్లారాక మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. తరువాత ఒకే చోట, తీగను తొంభై డిగ్రీలు తిప్పి రెండోసారి కొలవండి. రెండు అంకెలూ కలవకపోతే అక్కడ తీగ అప్పటికే నలిగిపోయిందన్నమాట, ఇంకో చోటు వెతకాలి.

మీ మైక్రోమీటరులో సున్నా ఒక గీత లోపలే తేడాగా ఉంటే దానితో వచ్చే కొక్కెం స్పానరుతో స్లీవును తిప్పి సరిచేసుకోవచ్చు. స్లీవు వెనకవైపు చిన్న రంధ్రం ఉంటుంది. స్పిండిల్‌ను బిగించే లాకు వేసి ఉంచి తిప్పి, లాకు తీసి రాచెట్‌తో మళ్లీ చూడండి. గాడి పడి ఉంటే మాత్రం ఆ స్పానరు పనికిరాదు. ముఖాలను టూల్‌రూములో ల్యాపింగ్ చేయించాలి. లేదా తీగల కోసం కార్బైడు ముఖాలున్న మైక్రోమీటరు వేరే కొనుక్కుని, తీగను లాగకుండా ముఖాలు తెరిచి తీసే అలవాటు మేస్త్రి గారికి కూడా చేయించాలి.