తప్పిన ప్రశ్న గురించి థాంక్యూ మెయిల్‌లో రాయాలా?

ప్రశ్న: మా అమ్మాయికి నిన్న డేటా అనలిస్ట్ ఉద్యోగానికి ఫైనల్ రౌండ్ జరిగింది. అన్నీ బాగానే చెప్పిందట, ఒక్క ఎస్‌క్యూఎల్ ప్రశ్న దగ్గర తడబడింది. 2024లో ఆర్డర్ పెట్టని కస్టమర్లు కూడా లిస్టులో రావాలంటే, LEFT JOIN రాసి తేదీ షరతును WHEREలో పెట్టానంటోంది. రాత్రంతా నిద్రపోలేదు. థాంక్యూ మెయిల్‌లో ఆ తప్పు ఎత్తాలా, వద్దా? మెయిల్ నేనే రాసిద్దామనుకుంటున్నాను. ఆరు నెలల డేటా సైన్స్ కోర్సులో చేర్పించమంటారా?
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఎత్తమనండి. కానీ మీరు రాయకండి.

LEFT JOIN కస్టమర్లందరినీ ఉంచుతుంది. ఆర్డర్ లేనివాళ్ల పక్కన తేదీ గడిలో NULL, అంటే విలువ లేదనే గుర్తు, పడుతుంది. ఆ తర్వాత WHEREలో తేదీ అడిగితే NULL ఉన్న వరసలన్నీ రాలిపోతాయి. అంటే ఎవరు కావాలని అడిగారో వాళ్లే మాయమవుతారు. షరతును ONలోకి జరిపితే సరిపోతుంది:

```sql
LEFT JOIN orders o
  ON o.customer_id = c.id
 AND o.order_date >= '2024-01-01'
 AND o.order_date < '2025-01-01'
```

అనుభవం ఉన్నవాళ్లు కూడా కంగారులో చేసే తప్పు ఇది. ఎర్రర్ రాదు, లెక్క మాత్రం తప్పుతుంది. అందుకే, తప్పు ఎక్కడుందో తనంతట తను పట్టుకుందని చెప్పడం అనలిస్ట్ ఉద్యోగానికి అక్కరకొచ్చే సంగతి. ఇంకా జవాబు తెలియకపోయినా, నాలుగైదు ప్రశ్నలు తప్పినా, ఈ ఊసే ఎత్తొద్దని చెప్పేదాన్ని. అప్పుడది బలహీనతల చిట్టా అవుతుంది.

కొన్నేళ్ల క్రితం ఒకబ్బాయి ఇలాంటి మెయిలే ఫోన్లో చూపించాడు. పదకొండు వాక్యాలు, అందులో ఏడు క్షమాపణలు. ముందురోజు జ్వరం, నెట్ సిగ్నల్, అన్నీ ఉన్నాయి. అవి చదివినవాళ్లకు ఆ తప్పు అసలున్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది. ఏడూ తీసేయించాను, మెయిల్ చక్కబడింది.

మీ అమ్మాయి ఇంగ్లీషులోనే రాస్తుంది కాబట్టి భావం మాత్రం ఇస్తున్నాను: "నిన్న సమయం ఇచ్చినందుకు ధన్యవాదాలు. మీ టీమ్ రిపోర్టులు ఎలా సరిచూసుకుంటుందో మీరు చెప్పింది నాకు బాగా నచ్చింది. ఆర్డర్ లేని కస్టమర్ల ప్రశ్నకు నేనిచ్చిన జవాబు సరికాదు. తర్వాత ఆలోచిస్తే, తేదీ షరతు WHEREలో ఉండటంవల్ల వాళ్లు లిస్టులోంచి పోయారని అర్థమైంది. దాన్ని ONలో పెట్టాలి. ఈ ఉద్యోగంపై నా ఆసక్తి అలాగే ఉంది." ఇంతే. రెండో వాక్యంలో మాత్రం ఇంటర్వ్యూ చేసినాయన నిజంగా మాట్లాడిన విషయమే ఉండాలి, నాది ఉదాహరణకే. 'సారీ' అనే మాట ఒక్కసారి కూడా లేదు, గమనించండి. కోడ్ మొత్తం అతికించొద్దు. ఇంటర్వ్యూ 24 గంటలు దాటకముందే వెళ్లాలి. ఆయన మెయిల్ ఐడీ లేకపోతే, ఇంటర్వ్యూ పిలుపు పంపిన హెచ్ఆర్ మెయిల్‌కే రిప్లై ఇచ్చి ఆయనకు చేర్చమని కోరాలి. ప్యానెల్‌లో ఇద్దరుంటే ఇద్దరికీ అదే మెయిల్ పంపకూడదు, పక్కపక్కనే కూర్చునేవాళ్లు చూపించుకుంటారు. ఆ ప్రశ్న అడిగినాయనకు మాత్రమే ఈ పేరా.

ఇది రాస్తే ఉద్యోగం వచ్చేస్తుందని మాత్రం అనుకోకండి. చాలాచోట్ల ప్యానెల్ ఆ సాయంత్రమే కూర్చుని మాట్లాడేసుకుంటుంది. వద్దని తేల్చేసుకుంటే మెయిల్ దాన్ని మార్చదు. ఇటా అటా అని ఊగుతున్నప్పుడే ఏమైనా పనికొస్తుంది.

ఇక మీ మాట. ఉద్యోగానికి వెళ్లే పిల్ల తరఫున నాన్న మెయిల్ రాయడమేమిటండీ? రేపు ఆయన ఫోన్ చేసి "ఆ NULL సంగతి ఇంకోసారి చెప్పమ్మా" అంటే ఎవరు మాట్లాడతారు? అమ్మాయి మాటతీరుకూ మెయిల్ తీరుకూ పొంతన లేకపోతే తెలిసిపోతుంది. రాత్రంతా నిద్రపోలేదన్నారు. పొద్దున మీరు ఎన్నిసార్లు "ఏమైంది, ఏమైంది" అని అడిగారో కూడా గుర్తుచేసుకోండి.

కోర్సు గురించి నాకు గట్టి అనుమానాలున్నాయి. మీ అమ్మాయి తప్పింది జాయిన్స్ దగ్గర, మెషీన్ లెర్నింగ్ దగ్గర కాదు. ఆరు నెలల కోర్సుల్లో నేను చూసిన చాలావాటిలో ఎస్‌క్యూఎల్‌కు ఇచ్చేది రెండు వారాలు, మిగతాదంతా మోడళ్ల పేర్లు. బయటికొచ్చాక పిల్లలు మళ్లీ ఇదే ప్రశ్న దగ్గర ఆగిపోవడం చూశాను. ఫీజుకు అప్పు చేసి మరీ చేర్పించినవాళ్లున్నారు. మూడు టేబుళ్లు తనే తయారుచేసుకుని, రోజుకు రెండు క్వెరీలు రాసి, వచ్చిన వరసలను చేత్తో లెక్కపెట్టి సరిచూసుకుంటే, నెలరోజుల్లో ఈ రకం తప్పు చాలావరకు పోతుంది. డబ్బు ఇప్పుడే కట్టకండి.

ఫైనల్ రౌండ్ దాకా వచ్చిందంటే ముందు రౌండ్లలో తనని నమ్మినవాళ్లున్నారు. హెచ్ఆర్ ఫలానా తేదీకి చెబుతామని ఉంటే, అది దాటిన రెండు పనిరోజుల తర్వాత ఒక్క వాక్యం అడగవచ్చు. అప్పటిదాకా ఇంకో మెయిల్ వద్దు. ఇవాళ్టి మెయిల్ పంపేముందు మీకు చదివి వినిపించమని కూడా అడగకండి.