దూరపు పుట్‌లు నిజంగా చవకేనా?

ప్రశ్న: నిఫ్టీకి 20 శాతం దిగువన ఉన్న పుట్‌లు చాలా చవక కదా, ప్రతి నెలా కొంటూ పోతే క్రాష్ వచ్చినా భయం లేదా?

పుట్ అంటే ముందే ఖరారైన ధరకు, అంటే స్ట్రైక్‌కు, గడువులోగా అమ్ముకునే హక్కు. పతనం వేగంగా వస్తే ఇవి కాపాడతాయి. కానీ చవక అనిపించేది ఒక్క నెల లెక్కలోనే. 20 లక్షల పోర్ట్‌ఫోలియోకి నెలకు అర శాతం, అంటే 10,000 ప్రీమియం కడితే ఏడాదికి 1,20,000 పోతుంది. అంటే 6 శాతం. మామూలు ఏళ్లలో ఆ పుట్‌లు దాదాపు అన్నీ సున్నాకే ఎక్స్‌పైర్ అవుతాయి.

అందుకే బార్‌బెల్ అనే పద్ధతిలో సొమ్ములో ఎక్కువ భాగం ట్రెజరీ బిల్లుల్లో ఉంచి, వాటి వడ్డీతోనే ఆప్షన్లు కొంటారు. అసలు భద్రం, అయితే మార్కెట్ పెరుగుదల మాత్రం చేతికి రాదు.

పుట్ విలువ పెరగడానికి ధర స్ట్రైక్‌ దాకా పడాల్సిన పని లేదు. భయంతో ఇంప్లైడ్ వోలటిలిటీ, అంటే రాబోయే ఒడిదుడుకులపై మార్కెట్ అంచనా, ఎగిసినప్పుడే పెరుగుతుంది, అప్పుడే అమ్మేయాలి. 2022లో అమెరికా ఎస్ అండ్ పీ 500 శిఖరం నుంచి దాదాపు 25 శాతం తగ్గినా, నెలల తరబడి నెమ్మదిగా జారింది కాబట్టి ఇలాంటి పుట్‌లు పెద్దగా ఆదుకోలేదు.

నా దృష్టిలో అసలు ప్రమాదం మధ్యలో మానేయడం. కాలిఫోర్నియా పెన్షన్ నిధి కాల్‌పర్స్ ఖర్చు ఎక్కువని ఇలాంటి రక్షణను వదులుకుంది. కొద్ది కాలానికే 2020 మార్చి పతనం వచ్చింది.